ముక్క వాసన పెంపకం: ఔత్సాహికులకు కొన్ని సూచనలు

కోళ్ళ ఫారానికి లోన్లున్నాయి, చేపల చెరువుకి సబ్సిడీ ఉంది, పుట్టగొడుగులు పెంచుతామంటే శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ కూడా చేతిలో పెడతారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ముసురు పట్టిన ప్రతి రోజూ మన ఫ్లాట్లలో పైసా పెట్టుబడి లేకుండా ఇంటిల్లిపాదీ కలిసి నడుపుతున్న కుటీర పరిశ్రమ ఒకటుంది, దాన్ని మాత్రం ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. ఇంట్లో ఆరేసిన బట్టల్లో ముక్క వాసన పెంచే పరిశ్రమ గురించే చెప్తున్నా. హైదరాబాద్‌లో పన్నెండేళ్ళుగా ఈ రంగంలో ఉన్నవాణ్ణి. లిఫ్టులో నేనెక్కితే పక్కవాళ్ళు మెట్లెక్కేంత స్థాయికి ఎదిగినవాణ్ణి. కొత్తవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకు కాక ఎవరికుంది?

ముందు మనం పెంచేది ఏమిటో తెలియాలి. చాలామంది అది తడి వాసన అనుకుంటారు. తడికి వాసనేముంటుందండీ, గ్లాసులో నీళ్ళు వాసనొస్తాయా? 2012లో జపాన్ పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఉతికిన బట్టల్లో ఆ కంపుకి ప్రధాన కారణం మోరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా. పేరు నార్వే రాజధానిది, మకాం మన తువ్వాల్లో. ఉతికినా బట్టలో మిగిలిపోయిన చెమట, ఒంటి జిడ్డు తిని, తడి ఉన్నంతసేపూ పెరుగుతూ 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతుంది. మనకి వాసనొచ్చేది అదే. జపాన్‌లోనూ మనలాగే వానల సీజన్ ఉంది, చిన్న ఇళ్ళున్నాయి. ఇంట్లో బట్టలారేయడానికి వాళ్ళకి ‘హెయబొషి’ అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. మనకి మాట లేకపోయినా అనుభవం ఉంది.

ఇది చాలా గట్టి పిండం. బట్ట ఎండిపోయినా చావదు, ఎండకీ అంత తేలిగ్గా లొంగదు. నిద్రపోతుందంతే. అందుకే బీరువాలోంచి తీసినప్పుడు శుభ్రంగా ఉన్న తువ్వాలు, స్నానం చేసి మొహం తుడుచుకోగానే తన అసలు రూపం చూపిస్తుంది. మీ ఇంట్లో పెంపకం కుదురుకుందో లేదో తెలుసుకోవాలంటే ఇదే పరీక్ష: ఎండిన తువ్వాలు మూల మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి, కాసేపాగి వాసన చూడండి. గుప్పుమంటే మీ మంద క్షేమంగా ఉన్నట్టే.

ఇక మేత సంగతి. విడిచిన బట్టలు బుట్టలో నాలుగు రోజులు కుక్కి పెట్టాలి, అడుగున తడి తువ్వాలు తప్పనిసరి. సర్ఫు ఎంత ఎక్కువేస్తే అంత మంచిది, ఎందుకంటే జాడింపులో పూర్తిగా వదలని సబ్బు జిడ్డుతో కలిసి బట్టని అంటిపెట్టుకుంటుంది. పైన ఘుమఘుమలాడే కండిషనర్ పోస్తే అదో పొరలా పేరుకుని తువ్వాలు నీళ్ళు పీల్చడం మానేస్తుంది. మెషీన్ ఆగిపోయి పాట పాడినా లేవకండి. రాత్రంతా బట్టలు అందులోనే ముద్దగా ఉండాలి. పని అయ్యాక తలుపు గట్టిగా మూసెయ్యాలి, ముందు తలుపున్న మెషీన్ అయితే ఆ రబ్బరు మడతల్లో నల్లటి జిగురు చేరి మన పరిశ్రమకి శాశ్వత నర్సరీగా పనిచేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది గది. నా పద్ధతి ఇది: స్టాండు బెడ్‌రూంలో పెట్టి, వాన జల్లు లోపలికి రాకుండా కిటికీలన్నీ బిగించి, చొక్కా మీద చొక్కా, లుంగీ మీద తువ్వాలు వేసి, కరెంటు ఆదా కోసం ఫ్యాను ఆపి పడుకోవడం. నా విజయ రహస్యం ఇదేనని నాకే తెలీదు, మొన్న శ్రావణంలో మా బామ్మర్ది వచ్చి లెక్క గట్టేదాకా.

వాడిది విశాఖ. సముద్రపు తేమలో పుట్టి పెరిగినవాడు. వచ్చిన మొదటి రాత్రే స్నానం చేసి తువ్వాలు మొహానికి పెట్టుకుని, పెట్టుకున్నంత వేగంగానూ తీసేసి, “బావా, ఇది తువ్వాలా, ఎండుచేపల సంచా?” అన్నాడు. నేను గర్వంగా నవ్వాను. వాడు నవ్వలేదు. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఒకటి తీసి, మరుసటి రోజు మెషీన్లో వేయబోయే పొడి బట్టల్ని దుప్పట్లో మూటగట్టి తూచాడు. నాలుగు కిలోలు. ఉతికి స్పిన్ అయ్యాక తూచాడు. ఆరున్నర.

“అంటే రెండున్నర లీటర్ల నీళ్ళు బావా. ఈ గది గాలి తాగగలదా?”

గాలి తాగడమేమిట్రా అన్నాను. వాడు కరెంటు బిల్లు వెనక లెక్క రాశాడు. గది 12 అడుగులు, 11 అడుగులు, ఎత్తు 10. అంటే సుమారు 37 ఘనపు మీటర్ల గాలి. 27 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 26 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. వానాకాలంలో తేమ 80 శాతం అనుకుంటే అందులో 21 గ్రాములు అప్పటికే నిండి ఉన్నాయి. మిగిలిన చోటు అయిదు గ్రాములు. 37ని అయిదుతో గుణిస్తే 185 గ్రాములు. మొత్తం గది కలిపి ఒక గ్లాసు నీళ్ళు తాగగలదు, మనం పోసింది రెండున్నర లీటర్లు. కిటికీలు మూస్తే ఆ గ్లాసు తాగాక గాలి చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత ఫ్యాను వేసినా అదే తడి గాలి గిరగిరా తిరుగుతుందంతే. ఆ నీళ్ళన్నీ పోవాలంటే గదిలో గాలి పద్నాలుగు సార్లన్నా మారాలి. నా పన్నెండేళ్ళ సాధన వాడు ఒక చిత్తు కాయితంలో తేల్చేశాడు, అదీ నా కరెంటు బిల్లు మీద.

తర్వాత వాడు చేసిన విధ్వంసం పూసగుచ్చినట్టు చెప్తా, జాగ్రత్త పడతారని. బట్టల్ని ఇంకోసారి స్పిన్ మాత్రమే పెట్టాడు. తూస్తే ఆరు కిలోల వంద గ్రాములు. అంటే 400 మిల్లీలీటర్లు దండెం ఎక్కకుండానే డ్రైనేజీలోకి పోయాయి. స్టాండు గోడ దగ్గర్నుంచి గది మధ్యకి లాగాడు. బట్టకీ బట్టకీ మధ్య పిడికిలి పట్టేంత సందు, పొడుగు బట్ట పక్కన పొట్టి బట్ట. జీన్సు తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుము భాగం గుండ్రంగా తెరుచుకునేలా క్లిప్పులు పెట్టాడు. నీళ్ళు కిందికి దిగుతాయి కాబట్టి టేబుల్ ఫ్యాను నేల మీద పెట్టి అంచుల వైపు తిప్పాడు. ఒక కిటికీ తెరిచి, ఎదురుగా బాత్రూం తలుపు తీసి, అక్కడి ఎగ్జాస్ట్ ఫ్యాను వేశాడు. ఇటు నుంచి గాలి రావాలి, అటు నుంచి తడి పోవాలి. ‘బయట వాన కదరా, తడి గాలి రాదా’ అంటే, “వస్తుంది బావా, కానీ మన గదిలో గాలికన్నా అదే నయం” అన్నాడు.

అర్ధరాత్రి జడివాన మొదలైంది. అప్పుడు బయట గాలి కూడా నిండుకుండే కాబట్టి కిటికీ మూసి, ఎగ్జాస్ట్ ఆపి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, బయట దాని గొట్టం కింద బకెట్ పెట్టాడు. పొద్దున్న బకెట్లో నీళ్ళు చూపించి ‘ఇవన్నీ నీ బనియన్లలోవి’ అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. బకెట్లో ఉన్నది మామూలు నీళ్ళా? నా మంద నోటి దగ్గరి తడి.

రాత్రి తొమ్మిదికి వేసిన చొక్కాలు ఒంటిగంటకి ఆరాయి, తువ్వాళ్ళు తెల్లారి అయిదుకి. మా ఇంట్లో తువ్వాలు ఆరడానికి రెండు రాత్రులు పట్టడం ఆనవాయితీ. ఆరిందో లేదో కూడా వాడు చేత్తో చూడడు, కాలరు కుట్టునో నడుము పట్టీనో బుగ్గకి ఆనించి చూస్తాడు. చల్లగా తగిలితే ఇంకా తడున్నట్టే, మళ్ళీ దండెం మీదకే.

అయినా నా తువ్వాలు ఓడిపోలేదు. ఎండింది, కానీ తడవగానే కంపు. నేను విజిలేశాను. ఎంత త్వరగా ఆరబెట్టినా అప్పటికే స్థిరపడిన మందని ఆరబెట్టడం ఒక్కటే కదిలించలేదు, అదే మన పరిశ్రమ బలం. వాడు వంటింట్లోకి వెళ్ళి రెండున్నర లీటర్ల నీళ్ళు మరిగించి తెచ్చి, బకెట్లో అంతే కొళాయి నీళ్ళలో కలిపాడు. సగం మరిగే నీళ్ళు, సగం మామూలు నీళ్ళు కలిస్తే థర్మామీటర్ లేకుండానే 60 డిగ్రీల దగ్గరికి వస్తుందట. అందులో రెండు పెద్ద చెంచాలు ఆక్సిజన్ బ్లీచ్, అదే సోడియం పెర్కార్బొనేట్ పొడి. రెండు తువ్వాళ్ళు అరగంట మునిగి ఉన్నాయి. తర్వాత మామూలుగా ఉతికి, ఆలస్యం చేయకుండా పైన చెప్పిన పద్ధతిలోనే ఆరేశాడు. ఇంకా రెచ్చిపోతాడేమోనని మా ఆవిడ పట్టుచీర చూపించాను. అంత మూర్ఖుడు కాడు. పట్టు, ఉన్ని, జరీ ఆ బకెట్లో వేయకూడదన్నాడు, రంగు దిగే బట్టైతే ముందు లోపలి అంచు మీద చూసుకోమన్నాడు, ఆ పొడిని క్లోరిన్ బ్లీచ్‌తోనో బాత్రూం యాసిడ్‌తోనో కలపొద్దన్నాడు.

సాయంత్రం మొహం తుడుచుకుంటే ఏ వాసనా లేదు. సబ్బు వాసన కూడా కాదు, అసలేమీ లేదు. ఎవరిదో తువ్వాలు తీసుకున్నానేమోనని భయమేసి వెనక్కి తిప్పి చూసుకున్నాను.

ఇలాంటి వాళ్ళు మీ ఇంటికొస్తే ఎలా తట్టుకోవాలో చెప్తా. ముందు సంప్రదాయాన్ని అడ్డం పెట్టండి. సాంబ్రాణి పొగ వేద్దామనండి, కంపు మీద ఇంకో వాసన కూర్చుంటుందే తప్ప మందకేమీ కాదు. బీరువాలో కలరా ఉండలు పెడదామనండి, అవి పురుగుల కోసం, బ్యాక్టీరియా జోలికి పోవు. బాగా ఆరని చొక్కాని పైపైన ఇస్త్రీ చేసి వేడివేడిగా మడతపెట్టి బీరువాలో పెట్టండి, కుట్ల దగ్గర మిగిలిన తడి అక్కడ భద్రంగా ఉంటుంది. ఏదీ కుదరకపోతే సెంటు కొట్టుకుని ఆఫీసుకెళ్ళండి. మీటింగులో మీ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు.

నా వరకు మా బెడ్‌రూం గోడ మూల కొత్తగా మొదలుపెట్టిన నల్ల బూజు అనుబంధ పరిశ్రమ కూడా, వాడు కిటికీ తెరిచి పెట్టడం నేర్పాక, దెబ్బతింది. మా ఆవిడ ఇప్పుడు మెషీన్ తలుపు తెరిచే ఉంచుతోంది, రబ్బరు మడత గుడ్డతో తుడుస్తోంది, సర్ఫు సగం వేస్తోంది. ఇంట్లో నా మాట చెల్లడం లేదు. స్కూటర్ డిక్కీలో రెయిన్‌కోటు కింద ఒక పాత నాప్కిన్ మాత్రం దాచి ఉంచాను, విత్తనానికి. మొన్న దాని మీద నాలుగు చుక్కలు చల్లి చూశాను, బ్రహ్మాండంగా ఉంది. వినాయక చవితికి బామ్మర్ది మళ్ళీ వస్తున్నాడట, స్కూటర్ తాళం ఎక్కడ దాచాలో ఆలోచిస్తున్నా.