రాత్రి కంటే పగలే నయం
ఉమ్మడి కుటుంబంలో ఆలుమగలకు కాస్త ఏకాంతం దొరకాలంటే "వారానికో రాత్రి పిల్లల్ని నానమ్మ గదిలో పడుకోబెడితే చాలు" అని సలహా ఇస్తుంటారు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అది కుదరదండీ. మా అత్తగారి గదికీ, మా గదికీ మధ్య ఒకటే గోడ. గడియ పెట్టిన చప్పుడుకే ఆవిడ "ఎవరూ?" అంటారు. పైగా చిన్నది అర్ధరాత్రి లేచొచ్చి మా తలుపే కొడుతుంది. మాకు కుదిరింది పగలే. మా ఆయనకు వీక్లీ ఆఫ్ బుధవారం. పిల్లలు స్కూలుకి, అత్తమామలు గుడికి వెళ్లాక పదకొండు దాకా ఇల్లు మాదే. ఆ టైమ్‌లో వంట, బట్టలు ముట్టుకోను, ఫోన్లు సైలెంట్‌లో పెట్టేస్తాం. బంధువులు దిగితే మాత్రం అదీ ఉండదు. అప్పుడు కూరగాయల వంకతో రైతుబజారుకి బండి మీద వెళ్తాం. కారు తీస్తే ఇంకో ముగ్గురు ఎక్కేస్తారు!