ఫ్రేము కట్టిన నమ్మకం

మన ఓరుగల్లులో వ్యవసాయ పరికరాల దుకాణంలోకి అడుగుపెడితే, గల్లాపెట్టె వెనక, దేవుడి పటం కన్నా జానెడు ఎత్తున, చిన్న వ్యాపారంగా కేంద్రం దగ్గర నమోదైనట్టు చెప్పే, అద్దం బిగించిన ఉద్యమ్ ధ్రువపత్రం దర్శనమిస్తుంది. ఆధార్, పాన్ నంబర్లిచ్చి, తన గురించి తానే చెప్పుకున్న ఎవరికైనా ఏ కాగితమూ జతచేయకుండానే ఆ పత్రం చేతికొస్తుంది. అయినా అగరుబత్తీ పొగ దానికే ముందు తగులుతుంది.

అటువంటి పటం కింద కూర్చుని, నర్సంపేట వైపు మా బంధువొకాయన పవర్ టిల్లర్‌కు లక్ష రూపాయల అడ్వాన్సు లెక్కపెట్టబోయాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఇచ్చిన కార్డు మీద 'అండ్ కో' అనీ, 'మేనేజింగ్ పార్ట్‌నర్' అనీ బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి. కొటేషన్ అడుగున మాత్రం 36తో మొదలయ్యే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు వినయంగా నిలబడి ఉంది. 36 అంటే తెలంగాణ. తర్వాతి పది అక్షరాలు పాన్. మొత్తం నంబరులో ఆరో అక్షరం F అయితే భాగస్వామ్య సంస్థ కావచ్చు, P అయితే ఒక్క మనిషి. ఇక్కడ P ఉంది. మేనేజింగ్ పార్ట్‌నర్ గారు ఎవరితో పార్ట్‌నరో ఆ పాన్‌కు తెలియదు!

జీఎస్టీ పోర్టల్‌లో `Search Taxpayer` కింద ఆ నంబరు కొడితే మర్యాద మరింత పెరిగింది. `Trade Name` దగ్గర దుకాణం పేరే ఉంది గానీ, `Legal Name of Business` దగ్గర ఆ పెద్దమనిషి బావమరిది పేరుంది. సొంత వ్యాపారంలో దుకాణానికి వేరే ప్రాణం ఉండదు కాబట్టి, చట్టం దృష్టిలో బాకీపడేది ఆ పేరుగల మనిషే. `Taxpayer Type` దగ్గర `Composition` అని ఉంది; అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను చిన్న వ్యాపారి తానే కట్టుకునే పద్ధతి, అందులో ఉన్నవారు కొనేవారి దగ్గర పన్ను వసూలు చేయకూడదు. కొటేషన్‌లో మాత్రం ధర కింద జీఎస్టీ అని ఇంకో వరస వేసి, చక్కగా కూడారు. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు అడిగితే, గడువు దాటిపోయిన కాగితమొకటి బయటికొచ్చింది, అదీ వేరే ఇంటి నంబరుతో.

నంబరు `Active` అని కనబడినంత మాత్రాన సరుకు వస్తుందని కాదు. రిటర్ను వేసిన తేదీ కనబడుతుంది గానీ, ఎంత పన్ను కట్టాడో బయటివాళ్లకు కనబడదు. తెలంగాణలో ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటని చిన్న దుకాణదారుకు అసలు నంబరే లేకపోవచ్చు, అది నేరం కాదు. కానీ నంబరు ముద్రించి, పన్ను కలిపి, పేరు దాచినవాడి సంగతి వేరు.

ఇవన్నీ అడిగితే ఆ పెద్దమనిషి నొచ్చుకున్నాడు. "ఇన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న, నన్నే అనుమానిస్తవా?" అన్నాడు. ఎందుకు అనుమానించకూడదు? పత్తి అమ్మిన డబ్బు, పొలం మీద తెచ్చిన అప్పు, ఆ రెండూ కలిపిన కట్ట నీ బల్ల మీద పెట్టేవాడు నీ అసలు పేరు అడగడం నీకు అవమానమా? రేపు టిల్లర్ రాక, "అది మా బావమరిది లెక్క" అని నువ్వు చేతులు దులుపుకుంటే, వాడు పోలీస్ స్టేషన్‌కు పోయి "ఇది సివిల్ వ్యవహారం" అనిపించుకుని తిరిగి రావాలా? మా బంధువు కట్టను జేబులో పెట్టుకుని, డబ్బిస్తే జీఎస్టీలో పేరున్నాయన ఖాతాలోనే వేస్తాననీ, ఆయన సంతకంతోనే రసీదు కావాలనీ చెప్పాడు. బావమరిది ఊళ్లో లేడట.