పెద్దన్న సంచి విప్పింది ఎవరి భయంతో?

"చరిత్ర చెప్పేది ఒక్కటే. ఒక పెద్దన్న ఉంటేనే ప్రపంచం ప్రశాంతం. బ్రిటన్ ఉన్నప్పుడు వందేళ్ల శాంతి, దాని పట్టు సడలగానే 1914. అమెరికా వచ్చాక ఎనభై ఏళ్ల శాంతి. అమెరికాకి ఎదురుగా ఎవరూ కూటమి కట్టలేదు కాబట్టి శక్తి సమతౌల్యం ఉత్త పుస్తకాల మాట. ఆధిపత్య సుస్థిరత సిద్ధాంతమే నిజం. షేర్ చేయండి."

విజయవాడలో గ్రూప్స్‌కి, సివిల్స్‌కి చదివే పిల్లలకు నేను అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. వారం రోజుల్లో ఈ మెసేజ్ నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. చివరగా పంపిన అమ్మాయి "సార్, ఇది నోట్స్‌లో రాసుకోమంటారా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి క్లాసులో ఉన్న పావుగంట చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒకే బలమైన రాజ్యం పెద్దదిక్కుగా ఉండి నియమాలు మోస్తేనే ప్రపంచం నిలకడగా ఉంటుందన్నది ఆధిపత్య సుస్థిరత సిద్ధాంతం. ఒకరి బలం ముప్పుగా మారితే మిగతావాళ్లు ఎదురుగా కలిసి దాన్ని ఆపుతారన్నది శక్తి సమతౌల్యం. ముందు వందేళ్ల శాంతి సంగతి. 1815కీ 1914కీ మధ్య క్రిమియా యుద్ధం జరిగింది, 1866లో ప్రష్యా ఆస్ట్రియాను ఓడించింది, 1870లో ఫ్రాన్స్‌తో తలపడింది. యూరప్ అంతా ఒకేసారి తగలబడలేదన్నది మాత్రం నిజం. దానికి కారణం బ్రిటన్ ఒక్కటేనా? బ్రిటన్ బలమంతా సముద్రం మీదా లండన్ బ్యాంకుల్లోనూ ఉంది. ఖండం లోపల దాని సైన్యం చిన్నది, 1866లోనూ 1870లోనూ అది పక్కన నిలబడి చూసింది. అక్కడ ఒకరినొకరు పట్టి ఉంచింది వియన్నాలో కూర్చుని హద్దులు గీసుకున్న ఐదు రాజ్యాల లెక్క. అంటే మెసేజ్ ఆధిపత్యం ఖాతాలో రాసిన శాంతిలో పెద్ద వాటా సమతౌల్యానిదే. ఇక చైనా మీద నల్లమందు యుద్ధాలు చేసిన, 1857లో మన నేలను రక్తంతో తడిపిన కాలాన్ని శాంతి అని మనం ఏ నోటితో అంటాం?

1914 గురించి ఒక్క మాట చాలు. జర్మనీ ఎదుగుదల బ్రిటన్‌ని భయపెట్టిందన్నది ఎంత నిజమో, రెండు బిగుసుకుపోయిన కూటముల మధ్య ఎవరూ వెనక్కి తగ్గలేకపోయారన్నదీ అంతే నిజం. ఆ యుద్ధాన్ని రెండు సిద్ధాంతాలూ తమ సాక్ష్యంగా చూపించుకోగలవు. రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పేవాడి మాట మీద తీర్పు ఇవ్వలేం.

అసలు ఆధిపత్య సుస్థిరత సిద్ధాంతం పుట్టింది యుద్ధం గురించి కాదు, డబ్బు గురించి. 1930ల మాంద్యం అంత లోతుకు, అంత కాలం ఎందుకు పోయిందని చార్లెస్ కిండల్‌బర్గర్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1973లో ఒక జవాబు చెప్పాడు. సంక్షోభం వచ్చినప్పుడు ఎవరో ఒకరు నష్టానికి సిద్ధపడి కొన్ని పనులు చేయాలి. అమ్ముడుపోని సరుకుకు తన మార్కెట్ తెరిచి ఉంచాలి, చేతులెత్తేసిన బ్యాంకులకు అప్పు ఇవ్వాలి, కరెన్సీల విలువలు నిలబెట్టాలి. బ్రిటన్‌కి ఇక ఆ శక్తి లేదు, అమెరికాకి శక్తి ఉన్నా మనసు లేదు అన్నాడు. ఈ వాదానికి ఇప్పుడున్న పేరు పెట్టింది రాబర్ట్ కియోహేన్ అనే రాజనీతి పండితుడు, ఆ తర్వాత. పేరు పెట్టిన ఆయనే 1984లో దాని పరిమితులు చూపిస్తూ పుస్తకం రాశాడు.

ఈ మాంద్యం మన గడపలోకీ వచ్చింది. 1931 మే నెలలో వియన్నాలో క్రెడిట్ అన్‌స్టాల్ట్ అనే పెద్ద బ్యాంకు కూలింది. అక్కడి నుంచి మంట జర్మనీకి పాకి లండన్ చేరింది. సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారం ప్రమాణాన్ని, అంటే పౌండుకు ఇంత బంగారం ఇస్తామన్న హామీని, వదిలేసింది. పౌండుకు కట్టేసిన మన రూపాయి దానితో పాటే దిగింది. రూపాయల్లో బంగారం ధర పెరిగింది, ధాన్యం ధర మాత్రం పాతాళంలోనే ఉంది. శిస్తు కట్టాలి, వడ్డీ కట్టాలి. దేశమంతటా రైతులు నగలు అమ్ముకున్నారు, ఆ బంగారం ఓడలెక్కి వెళ్లిపోయింది. తెనాలి పక్కన పల్లెలో మా నాయనమ్మ కాసులపేరు కూడా అలాగే గుంటూరులో ఒక షరాబు దగ్గరికి చేరిందట. ఆవిడ బతికినన్నాళ్లూ ఆ కథ చెప్పింది, వియన్నా పేరు మాత్రం ఆవిడకు తెలియదు.

ఇంతవరకూ వింటే మెసేజ్ పంపినవాళ్లదే గెలుపు అనిపిస్తుంది. కానీ వియన్నాలో ఆ బ్యాంకును ఎందుకు ఆదుకోలేకపోయారో ఒక్క అడుగు దగ్గరికెళ్లి చూడండి. అప్పు ఇవ్వగల బంగారం ఫ్రాన్స్ దగ్గర దండిగా ఉంది. అయితే రెండు నెలల ముందే, మార్చిలో, జర్మనీ ఆస్ట్రియాలు తమ మధ్య సుంకాలు లేని కస్టమ్స్ యూనియన్ పెట్టుకుంటామని ప్రకటించాయి. ఆ రెండూ కలిస్తే తన పీక మీదికి వస్తుందని ఫ్రాన్స్ భయం. ముందు ఆ ఒప్పందం వదులుకోండి, తర్వాత అప్పు సంగతి చూద్దాం అంది. లండన్ తన వంతుగా ఇవ్వగలిగింది కొద్దిరోజుల అప్పు మాత్రమే. బ్యాంకు చిక్కును బిగించిన ముడుల్లో ఒకటి బలాబలాల లెక్క. పెద్ద దిక్కు లేకపోవడం ఒక కారణం అయితే, పొరుగువాడి బలం మీద భయం రెండో కారణం. ఈ రెండోదాన్ని తీసేస్తే 1931 సగమే అర్థమవుతుంది.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఉంది. 1930లో అమెరికా ప్రపంచంలో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ. అయినా ఆ ఏడాది జూన్‌లో స్మూట్-హాలీ చట్టంతో దిగుమతి సుంకాలు పెంచి తలుపు మూసింది. పదిహేడేళ్ల తర్వాత అదే దేశం మార్షల్ ప్రణాళిక ప్రకటించి, పశ్చిమ యూరప్‌కి సుమారు 1300 కోట్ల డాలర్లు పోసింది, ఎక్కువ భాగం ఉచితంగా. మధ్యలో మారిందేమిటి? యుద్ధం తర్వాత అమెరికా మరింత బలపడిన మాట నిజమే. మాంద్యం నేర్పిన పాఠమూ ఉంది. కానీ అమెరికా కాంగ్రెస్‌లో పొదుపు మాట్లాడే సభ్యుల చేత ఆ డబ్బుకు ఓటు వేయించింది ఎదురుగా నిలబడ్డ సోవియట్ యూనియన్. పెద్దన్న సంచి విప్పింది ఇంకో పెద్దన్న భయంతో.

అందుకే ఎనభై ఏళ్ల అమెరికా శాంతి అన్న మాట నిలవదు. అందులో 1991 వరకూ అమెరికా, సోవియట్ యూనియన్ అనే రెండు ధ్రువాల కాలం. ఆ కాలాన్నే కెన్నెత్ వాల్ట్జ్ అనే రాజనీతి పండితుడు 1979లో తన సమతౌల్య సిద్ధాంతానికి ముఖ్య ఉదాహరణగా తీసుకున్నాడు. అందులోనూ కొరియా, వియత్నాం యుద్ధాలు ఉన్నాయి.

మా పిల్లలకు నేను 1971 ఆగస్టు నెల చెబుతాను. ఆరు రోజుల తేడాలో రెండు సిద్ధాంతాలూ పక్కపక్కన కనిపిస్తాయి.

జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు. 15వ తేదీన నిక్సన్ ఆ సంగతి బయటపెట్టాడు. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు లక్షల్లో వస్తున్న సమయం అది, చివరికి కోటికి చేరారు. ఢిల్లీకి కనిపించిన దృశ్యం ఇది: పాకిస్తాన్, చైనా, వాటి వెనుక ఇప్పుడు అమెరికా. 1962లో చైనా దాడి చేసినప్పుడు మనం చేయి చాచింది అమెరికా వైపే. తొమ్మిదేళ్లలో లెక్క తిరగబడింది. ఆగస్టు 9న మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ విదేశాంగ మంత్రి గ్రొమికో ఢిల్లీలో మైత్రీ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అందులో తొమ్మిదో అధికరణం ఇద్దరిలో ఎవరిమీదైనా దాడి జరిగినా, దాడి ముప్పు వచ్చినా వెంటనే సంప్రదించుకోవాలంటుంది. అలీనోద్యమం నడిపిన దేశం, ప్రజాస్వామ్య దేశం, కమ్యూనిస్టు రాజ్యంతో చేయి కలిపింది. అటువైపు కమ్యూనిజం పేరెత్తితే మండిపడే నిక్సన్ మావో దగ్గరికి వెళ్తున్నాడు. సిద్ధాంతాలు, జెండాలు పక్కకుపోయి ముప్పు ఎటు ఉంటే బరువు అటుకు ఎదురుగా పేరుకోవడం, శక్తి సమతౌల్యం చెప్పేది సరిగ్గా అదే. డిసెంబరులో భద్రతామండలిలో సోవియట్ వీటోలు పడ్డాయి. ఎంటర్‌ప్రైజ్ అనే అమెరికా విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది గానీ యుద్ధం మళ్లలేదు. ఎవరూ కూటమి కట్టలేదన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు ఆగస్టు 15. ఆదివారం రాత్రి నిక్సన్ టీవీలో మాట్లాడాడు. విదేశీ కేంద్ర బ్యాంకులు డాలర్లు తెస్తే ఔన్సు 35 డాలర్ల చొప్పున బంగారం ఇస్తామని 1944లో బ్రెటన్ వుడ్స్‌లో ఒప్పుకున్న అమెరికా, ఇక ఇవ్వం అంది. దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేసింది. వియత్నాం ఖర్చు, ఇంటి ఖర్చు కలిసి బయట తిరిగే డాలర్లు ఖజానాలో బంగారాన్ని మించిపోయాయి. ఆధిపత్య సిద్ధాంతం ఊహించేదీ ఇదే: పెద్దదిక్కు నీరసిస్తే తను పెట్టిన నియమాలను తనే మోయలేదు.

దెబ్బ తగిలింది జపాన్‌కి, పశ్చిమ జర్మనీకి, అంటే సొంత మిత్రులకు. వాళ్లు కోపగించారు. మరి అమెరికాకు ఎదురుగా ఎందుకు కూటమి కట్టలేదు? వాళ్ల గడ్డ మీద అమెరికన్ సైనికులున్నారు, ఆవల సోవియట్ సైన్యం ఉంది. డాలర్ మీద కోపం కన్నా ఆ భయం పెద్దది. పెద్దన్న ఇంటిని నిలబెట్టిన గోడల్లో ఒకటి పక్కింటి శత్రువు.

ఆ తర్వాత జరిగింది ఆధిపత్య సిద్ధాంతానికీ ఇబ్బందే. బంగారం కట్టు తెగాక 1930ల్లా వాణిజ్యం కుప్పకూలాలి. కూలలేదు. 1973లో మొదలైన టోక్యో రౌండ్ వాణిజ్య చర్చలు 1979లో సుంకాలు ఇంకా తగ్గించి ముగిశాయి. ఒకసారి అలవాటైన సంస్థలు, నియమాలు పెద్దదిక్కు బలహీనపడ్డాక కూడా కొంతకాలం నడుస్తాయని కియోహేన్ అన్నది దీన్ని చూసే.

మెసేజ్‌లో ఒక్కచోట బలముంది, దాన్ని దాచను. 1991 తర్వాత అమెరికాకు ఎదురుగా పెద్ద కూటమి రావాలి, త్వరలో వస్తుంది అని వాల్ట్జ్ వంటివాళ్లు 1990లలోనే అన్నారు. అది వాళ్లు అనుకున్నట్టు రాలేదు. సముద్రాల అవతల ఉన్న బలం పక్క గోడ మీద ఉన్న బలమంత భయపెట్టదన్నది ఒక సమాధానం, రాజ్యాలు ఎదురు నిలిచేది ఉత్త బలానికి కాదు, ముప్పుకు అని చెప్పిన మరో పండితుడు స్టీఫెన్ వాల్ట్ సిద్ధాంతంలో దూరానికి ఉన్న విలువ అదే. అది వాల్ట్జ్ సిద్ధాంతాన్ని పూర్తిగా కాపాడదు. నా వాదానికీ ఒక చిక్కు ఉంది. 2008లో ఎదురుగా సోవియట్ యూనియన్ లేకపోయినా అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు 14 విదేశీ కేంద్ర బ్యాంకులకు డాలర్లు అందించే ఏర్పాటు చేసింది. భయం లేకుండానే సంచి విప్పింది, తన బ్యాంకుల క్షేమం వాళ్ల బ్యాంకులతో ముడిపడి ఉంది కాబట్టి. కనుక శత్రుభయం ఒక్కటే తాళంచెవి అని నేను అనను.

ఆ అమ్మాయికి నేను రాసుకోమన్నది రెండు తేదీలు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు. రెండు రోజులకు, 18న, వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ ఒప్పందం, అంటే కరెన్సీల విలువలు మళ్లీ నిలబెట్టే ప్రయత్నం, ఔన్సు బంగారం 38 డాలర్లు. మొదటిదాన్ని ఏ సిద్ధాంతంతో చదవాలి, రెండోదాన్ని దేనితో చదవాలి అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "రెండోది 1973లో మళ్లీ కూలింది కదా సార్, అప్పుడు దేనితో?" అని తిరిగి అడిగింది. రేపటి క్లాసు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.