సవరణ: కలలోని మనిషి గురించి

“కలలో పాత క్లాస్‌మేట్‌తో ఉన్నాను. లేచాక మా ఆయన ముఖం చూడలేకపోయాను. నాలో ఆ కోరిక ఉన్నట్టేనా?” – మిర్యాలగూడ నుంచి ఒక సోదరి

ఈ సోదరికి ఇంతకుముందు జవాబిస్తూ “కల ఊరికే రాదు” అన్నాను. ఆ మాటను కొందరు “కోరిక ఉంది” అని చదువుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. తెల్లవారుజామున వచ్చే కలల నిద్రలో భావోద్వేగాలు చురుగ్గా ఉంటాయి, తర్కం మందగిస్తుంది. అందుకే జరగని పనికి కూడా లేచాక కాసేపు గుండె దడదడలాడుతుంది.

ఆమె కలలో ఆ మనిషి కనిపించింది క్షణకాలమే. మిగతాదంతా మోగుతున్న ఫోన్‌ను బియ్యం డబ్బాలో దాచే కంగారు. మనిషిని పక్కన పెట్టి “ఇంట్లో ఏం దాస్తున్నారు?” అని అడిగాను. తమ్ముడి బోరు కోసం గాజులు కుదువపెట్టి, భర్తకు చెప్పలేదట! కంగారు అక్కడిదే కావచ్చు. రుజువు మాత్రం లేదు.

మెలకువలోనూ ఆ క్లాస్‌మేట్ మీదికే మనసు పోతుంటే ఈ వివరణ వర్తించదు. భర్తకు ముందు చెప్పవలసింది గాజుల సంగతి. కల సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.