నోట్లు అచ్చేస్తేనే టమాటా పెరిగిందా?

కూరగాయల ధర కాస్త పెరిగితే చాలు, వాట్సాప్‌లో పాత మెసేజ్ ఒకటి మళ్లీ తిరగడం మొదలవుతుంది. రిజర్వు బ్యాంకు ఇష్టమొచ్చినట్టు నోట్లు అచ్చేస్తోంది, డబ్బు సరఫరా ఇన్ని లక్షల కోట్లు పెరిగింది, అందుకే మన సంచి ఖాళీగా ఇంటికొస్తోంది అని దాని సారాంశం. చదవడానికి బాగానే ఉంటుంది. అందులో సగం నిజం కూడా ఉంది, ఇబ్బందల్లా మిగతా సగంతోనే. ఏ డబ్బు పెరిగిందో ఆ మెసేజ్‌లో ఎక్కడా ఉండదు. నిజం చెప్పాలంటే మా పేపర్లోనూ చాలాసార్లు ఉండదు, ‘ద్రవ్య సరఫరా పెరిగింది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాం.

రిజర్వు బ్యాంకు లెక్కల్లో డబ్బు ఒకటే కాదు. జనం చేతిలో ఉన్న నోట్లు, నాణేలు, బ్యాంకుల్లో అడగ్గానే ఇచ్చే డిపాజిట్లు, వీటికి రిజర్వు బ్యాంకు దగ్గరుండే చిన్నచిన్న ఇతర డిపాజిట్లు కలిపితే ఎం1, అంటే సంకుచిత ద్రవ్యం. దానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ల వంటి టైం డిపాజిట్లు కలిపితే ఎం3, అంటే విస్తృత ద్రవ్యం. మధ్యలో ఎం2, చివర్న ఎం4 కూడా ఉన్నాయి, అవి పోస్టాఫీసు డిపాజిట్లను కలుపుకునే లెక్కలు, వాటిని ఇప్పుడు పట్టించుకునేవాళ్లు తక్కువ. మన సేవింగ్స్ ఖాతా అయితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టుంటుంది. అందులో కదలకుండా పడి ఉండే భాగాన్ని టైం డిపాజిట్ కింద, వస్తూ పోతూ ఉండే భాగాన్ని డిమాండ్ డిపాజిట్ కింద విడగొడతారు.

ఇదంతా పుస్తకాల లెక్కలా అనిపిస్తే ఆదోని యార్డుకు వెళ్దాం. ఒక రైతు 25 క్వింటాళ్ల పత్తి తెచ్చాడు, క్వింటాల్ 7 వేలకు పోయిందనుకుందాం, మొత్తం లక్షా 75 వేలు. కొన్న వ్యాపారి ఆ డబ్బు గల్లాపెట్టెలోంచి తీయడు, బ్యాంకులో తనకున్న సీసీ లిమిట్, అంటే అవసరమైనప్పుడు వాడుకునే అప్పు పరిమితి, వాడి రైతు ఖాతాలో వేయిస్తాడు. ఇక్కడే అసలు సంగతి జరిగింది. బ్యాంకు ఎవరి డిపాజిట్లోంచో తీసి ఇవ్వలేదు. వ్యాపారి పేరున అప్పు రాసుకుంది, రైతు ఖాతాలో జమ రాసింది. నిన్న లేని లక్షా 75 వేల డిపాజిట్ ఇవాళ ఉంది, ఎం1, ఎం3 రెండూ ఆ మేరకు పెరిగాయి, నాసిక్ ప్రెస్‌లో ఒక్క నోటు కూడా అచ్చు కాలేదు.

రైతు కూలీలకు ఇవ్వడానికి 50 వేలు డ్రా చేశాడు. డిపాజిట్ తగ్గింది, జనం చేతిలో నోట్లు అంతే పెరిగాయి, కాబట్టి ఎం1 మారలేదు, ఎం3 కూడా మారలేదు. బ్యాంకు గల్లాలో ఉన్నంతసేపు ఆ నోట్లను ఈ లెక్కలో చేర్చరు, బయటికొచ్చాకే చేరుస్తారు. తర్వాత కూతురి చదువు కోసమని 50 వేలు ఎఫ్‌డీ వేశాడు. ఇప్పుడు ఎం1 యాభై వేలు తగ్గింది, ఎం3 మాత్రం అక్కడే ఉంది. మిగిలిన 75 వేలతో గోల్డ్ లోన్ తీర్చి ఇంట్లోవాళ్ల గాజులు విడిపించుకున్నాడు. ఇది చాలామందికి తట్టని విషయం: అప్పు తీరిస్తే ఆ డబ్బు మాయమవుతుంది. బ్యాంకు పుస్తకంలో అటు అప్పు కొట్టేస్తారు, ఇటు డిపాజిట్ కొట్టేస్తారు, ఎం1, ఎం3 రెండూ 75 వేలు తగ్గుతాయి.

సాయంత్రానికి లెక్క చూస్తే ఎం3 లక్ష పెరిగింది, ఎం1 యాభై వేలే పెరిగింది. యార్డులో ఒక్కరోజు జరిగిన ఒకే ఒక్క బేరం ఇది. కొన్నాళ్లకు వ్యాపారి దూదిని మిల్లుకు అమ్మి సీసీ కట్టేస్తే అప్పుడు మళ్లీ లక్షా 75 వేలు తగ్గుతాయి. దేశం మొత్తం మీద ఎం3 పెరిగిందంటే ప్రధానంగా దీని అర్థం, కొత్తగా పుట్టిన అప్పులు తీరిపోయిన అప్పుల కంటే ఎక్కువగా ఉన్నాయని. ప్రభుత్వానికి బ్యాంకులిచ్చే అప్పు, రిజర్వు బ్యాంకు కొనే డాలర్లు కూడా దీన్ని పెంచుతాయి. ఎం3 మొత్తంలో జనం చేతిలోని నోట్లు ఏడో వంతు చుట్టూనే ఉంటాయి. ‘నోట్లు అచ్చేస్తున్నారు’ అనేవాళ్లు మాట్లాడేది ఆ ఏడో వంతు గురించే, గమనించండి.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2016 నవంబరు 8 తర్వాత అందరం చూశాం. ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి, చలామణిలోని నోట్ల విలువలో 86 శాతం అవే. జనం చేతిలోని నోట్లు రెండు నెలల్లో సగం దాకా పడిపోయాయి, ఎం1 కుప్పకూలింది. ఎం3 మాత్రం అంతకుముందు ఏడాదితో పోలిస్తే పెరుగుతూనే ఉంది, ఎందుకంటే ఆ నోట్లన్నీ క్యూలు కట్టి బ్యాంకుల్లోకే చేరాయి కాబట్టి. ఒక్క ఎం1 చూసి ధరల జోస్యం చెబితే దేశంలో ధరలూ అలాగే పడిపోవాలి. పడలేదు. రిటైల్ ద్రవ్యోల్బణం 2016 నవంబరులో మూడున్నర శాతం పైన ఉండి 2017 జూన్‌కు ఒకటిన్నర శాతం దగ్గరికి వచ్చిన మాట నిజమే, కానీ అందులో పప్పుల ధరలు పడిపోవడానిది పెద్ద పాత్ర. కంది, శనగ వేసిన మన రైతులకు ఆ సంవత్సరం బాగా గుర్తుంటుంది.

డబ్బుకూ ధరలకూ అసలు సంబంధమే లేదా? ఉంది, గట్టిగానే ఉంది, కాకపోతే దాన్ని చూడటానికి నెలలు చాలవు, ఏళ్లు కావాలి. 1980లు తీసుకోండి. ఆ దశాబ్దంలో ఎం3 ఏడాదికి సగటున 17 శాతం పెరిగింది, టోకు ధరలు 8 శాతం పెరిగాయి. ఉత్పత్తి ఐదున్నర శాతం పెరిగిందనుకుంటే, ఎనిమిదీ ఐదున్నరా కలిపి పదమూడున్నర. మిగిలిన మూడున్నర శాతం డబ్బు ఎటు పోయింది? ఎటూ పోలేదు, బ్యాంకుల్లో కూర్చుంది. 1969లో బ్యాంకుల జాతీయీకరణ తర్వాత ఊళ్లకు శాఖలు వచ్చాయి, మన సీమలో గ్రామీణ బ్యాంకులు వచ్చాయి. అంతకుముందు ధాన్యం రూపంలో, బంగారం రూపంలో దాచుకున్నవాళ్లు పాస్‌బుక్‌లో దాచుకోవడం మొదలుపెట్టారు. అలా దాచిన రూపాయి చేతులు మారడం తగ్గుతుంది. ఆర్థికవేత్తలు దీన్నే చలామణి వేగం తగ్గడం అంటారు. 1970ల మొదట్లో ఎం3 జీడీపీలో పావు వంతు దగ్గర ఉండేది, ఇప్పుడు ముప్పావు వంతు దాటింది. అంత డబ్బూ ధరల్లోకి వచ్చి ఉంటే కిలో బియ్యం మనకు అందేదేనా?

ఈ వేగాన్ని ముందుగా ఎవరూ కచ్చితంగా లెక్కకట్టలేరు, చిక్కంతా అక్కడే. సుఖమయ్ చక్రవర్తి కమిటీ 1985లో చెప్పిన దాని ప్రకారం రిజర్వు బ్యాంకు చాలాకాలం ఎం3కి ఏటా ఒక లక్ష్యం పెట్టుకుని నడిచింది. 1998లో దాన్ని పక్కనపెట్టి వడ్డీలు, రుణాలు, విదేశీ మారకం వంటి అనేక సూచికలు కలిపి చూడటం మొదలుపెట్టింది. అదే ఏడాది డబ్బు కొలతలను మళ్లీ పరిశీలించిన బృందానికి అధ్యక్షుడు మన కడప జిల్లాలో, రాజంపేట దగ్గరి పాటూరులో పుట్టిన వై.వి.రెడ్డి. ఏడాది లోపు ఎఫ్‌డీని, ఐదేళ్ల ఎఫ్‌డీని ఒకే గాటన కట్టకూడదని, మొదటిది చేతి డబ్బుకు దగ్గర అని ఆ బృందం విడగొట్టింది. మా ఉద్దేశంలో అది రైతుకూ గృహిణికీ వెంటనే అర్థమయ్యే విభజన. అయినా అది నిపుణుల పట్టికలు దాటి రాలేదు. 2016 నుంచి చట్టం ప్రకారం లక్ష్యం నేరుగా ద్రవ్యోల్బణమే: 4 శాతం, అటూ ఇటూ రెండు.

వేగం ఎలా దెబ్బతీస్తుందో కొవిడ్ ఏడాది చూపించింది. 2021 మార్చికి ఎం3 ఏడాదిలో 12 శాతానికి పైగా పెరిగింది, దేశ ఆదాయమేమో ధరలతో కలిపి చూసినా తగ్గింది. షాపులు మూసి ఉన్నాయి, పెళ్లిళ్లు ఆగాయి, ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు తలుపులు వేసుకున్నాయి, డబ్బు ఖాతాల్లోనే ఉండిపోయింది. రిటైల్ ద్రవ్యోల్బణం సగటున 6.2 శాతం వచ్చింది, అది కూడా చాలావరకు సరుకు కదలక వచ్చిందే. 2022 ఏప్రిల్‌లో అది 7.79 శాతానికి చేరింది, అప్పటికి ఎం3 పెరుగుదల 9 శాతం చుట్టూనే ఉంది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలు మండిపోయాయి, దానికితోడు అంతకుముందు ఆగిన డబ్బు ఖర్చులోకి వచ్చింది. ఎందులో ఎంత వాటా అన్నది ఎవరైనా దశాంశాల్లో చెబితే నమ్మకండి.

ఇక టమాటా సంగతి. 2023 జూన్‌లో 4.87 శాతం ఉన్న ద్రవ్యోల్బణం జులైలో 7.44కి ఎగిరి, సెప్టెంబరుకు 5 దగ్గరికి దిగింది. ఎం3 మూడు నెలల్లో అలా ఎగిరి దిగదు. అప్పటి రిటైల్ ధరల సూచీలో టమాటా వాటా 0.57 శాతమే, కానీ ధర కొన్ని రెట్లు పెరిగితే ఆ చిన్న వాటా కూడా మొత్తాన్ని లాగేస్తుంది. ఆ జులైలోనే ఆహారం, ఇంధనం తీసేసి చూస్తే పెరుగుదల 5 శాతం లోపే ఉంది. 2022 ఏప్రిల్‌లో అదే లెక్క 7 శాతం దగ్గర ఉండింది. తేడా కనిపెట్టాల్సింది ఇక్కడే. కూరగాయలే పెరిగాయా, లేక మంగలి షాపు రేటు, ట్యూషన్ ఫీజు, ఇంటి అద్దె కూడా ఒకేసారి పెరిగాయా? మొదటిదైతే వానను, తోటలను అడగాలి. రెండోదైతే డబ్బును, అప్పులను అనుమానించాలి. వడ్డీ పెంచితే పత్తికొండలో టమాటా మొక్క ఒక్కటి కూడా ఎక్కువ కాయదు. అక్కడికి కావాల్సింది ధర పడినప్పుడు రైతు రోడ్డు మీద పారబోయకుండా చూసే ప్రాసెసింగ్ యూనిట్లు. ఎన్నికల హామీల్లో వాటిని ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

రిజర్వు బ్యాంకు పదిహేను రోజులకోసారి ఈ లెక్కలు బయటపెడుతుంది. చూడాలనుకుంటే మొత్తం ఎన్ని లక్షల కోట్లు అన్నది వదిలేసి, వాణిజ్య రంగానికి బ్యాంకు రుణం అన్న వరుస చూడండి, అదీ కిందటేడాది అదే పక్షంతో పోల్చి చూడండి. కిందటి నెలతో పోలిస్తే మోసపోతారు. పత్తి, వేరుశనగ చేతికొచ్చే రోజుల్లో ఆదోనిలో ఏటీఎంలు మధ్యాహ్నానికే ఖాళీ అవుతాయి, ఆ పక్షం లెక్కలో నోట్లు ఎగబాకినట్టు కనిపిస్తుంది. వానాకాలం మొదలయ్యేసరికి అవే నోట్లు విత్తనాల అంగడి మీదుగా మళ్లీ బ్యాంకు కౌంటర్‌కే వస్తాయి.