పాత ఇన్వర్టర్‌కు లిథియం బిగించే ముందు ఈ లెక్కలు చూడండి

"ఇంకా నీళ్లు పోసే బ్యాటరీలే కొంటున్నారా? డబ్బు దండగ. లిథియం ఫాస్ఫేట్ ఒక్కసారి కొంటే 15 ఏళ్లు దాని వైపు చూడక్కర్లేదు. ఉన్న ఇన్వర్టర్‌కే తగిలించుకోవచ్చు. 150 ఏహెచ్ ట్యూబులర్ చేసే పని 100 ఏహెచ్ లిథియం చేస్తుంది, రెండు గంటల్లో ఫుల్ ఛార్జ్ అవుతుంది. మూడేళ్లలో పెట్టిన డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అందరికీ షేర్ చేయండి."

చేతులు మారుతూ తిరుగుతున్న ఈ మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసేది ఇన్వర్టర్ గురించిన మాట. అందుకే వరుస తప్పినా దానితోనే మొదలుపెడతాను.

చంద్రగిరిలో మా అక్కావాళ్లింట్లో ఏడేళ్ల నాటి ఇన్వర్టర్ ఉంది. పోయిన ఎండాకాలం నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ పాడైపోతే మా బావ ఈ మెసేజ్ నమ్మి 100 ఏహెచ్ లిథియం తెచ్చి పాత వైర్లకే బిగించేశాడు. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు గాలివానకు మధ్యాహ్నం పోయిన కరెంటు రాత్రి తొమ్మిదికి గానీ రాలేదు. ఆ తర్వాత కాసేపటికి బావ ఫోన్ చేశాడు. "కరెంటొచ్చిందిరా. ఇన్వర్టర్‌లో మాత్రం ఒక్క లైటూ వెలగడం లేదు. 30 వేల బ్యాటరీ రెండు నెలలకే పోయింది" అని గొంతు వణుకుతూ చెప్పాడు.

పొద్దున్నే మల్టీమీటర్ పట్టుకుని వెళ్లాను. 13 వోల్టులు ఉండాల్సిన టెర్మినల్స్ దగ్గర 2 కూడా చూపించలేదు. కానీ బ్యాటరీ పోలేదు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టెలో నాలుగు సెల్స్‌తో పాటు బీఎంఎస్ అనే ఒక బోర్డు ఉంటుంది. సెల్స్ మరీ ఖాళీ అయిపోతున్నా, మరీ నిండిపోతున్నా లోపలి నుంచే కనెక్షన్ తీసేయడం దాని పని. పాత ఇన్వర్టర్ ట్యూబులర్ కోసం తయారైంది కాబట్టి సుమారు 10.5 వోల్టుల దాకా బ్యాటరీని వాడుతూనే ఉంటుంది. బావ కొన్న బ్యాటరీలో బోర్డు అంతకంటే ముందే కట్ చేసుకుంది. ఇక రెండో సమస్య చూడండి. చాలా పాత ఇన్వర్టర్లకు బ్యాటరీ వోల్టేజ్ కనబడితేనే ప్రాణం వస్తుంది. అది కనబడకపోతే బ్యాటరీ లేదనుకుని ఛార్జింగే మొదలుపెట్టవు. ఛార్జింగ్ వస్తే తప్ప బోర్డు తలుపు తీయదు. ఆ రెండూ అలా ఎదురెదురుగా కూర్చున్నాయి. షాపతను వచ్చి లిథియం ఛార్జర్ పెట్టాడు, కొద్ది నిమిషాలకు బోర్డు మళ్లీ కనెక్షన్ ఇచ్చింది. అన్ని మోడళ్లూ ఇలా మొండికేయవు, కానీ మీది వేస్తుందో లేదో తెలిసేది సరిగ్గా అలాంటి రాత్రే.

నిండే వైపు కూడా ఇదే గొడవ. నాలుగు సెల్స్ లిథియం ఫాస్ఫేట్‌కు పై హద్దు 14.6 వోల్టులు, అంటే ఒక్కో సెల్‌కు 3.65. ట్యూబులర్ మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ 14.4 దాటి పోతుంది. కొన్ని మోడళ్లు ప్లేట్లను శుభ్రం చేయడానికి 15 పైకి కూడా తీసుకెళ్తాయి. ట్యూబులర్‌కు అది మంచిదే. లిథియం విషయంలో మాత్రం రోజూ ఆఖరి రక్షణ మీద ఆధారపడి బతుకుతున్నట్టే లెక్క. కాబట్టి ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్ దగ్గర గానీ, స్క్రీన్‌లో గానీ లిథియం ఆప్షన్ ఉందో లేదో చూడండి. లేకపోతే బ్యాటరీతో పాటు ఇన్వర్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాల్సిందే.

ఛార్జింగ్ వేగం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఏహెచ్ అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క కాబట్టి భాగహారం చాలు. మామూలు ఇంటి ఇన్వర్టర్ 10 నుంచి 20 ఆంపియర్లు ఇస్తుంది. 15 ఆంపియర్లతో 100 ఏహెచ్ ఖాళీ బ్యాటరీ నిండాలంటే ఏడు గంటలు పడుతుంది. బ్యాటరీ తీసుకోగలదు నిజమే, ఇచ్చేవాడు ఉండాలి కదా. లిథియంకు అసలు లాభం వేరే చోట ఉంది. ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి 20 శాతం దగ్గర నత్తనడక నడుస్తుంది, లిథియం దాదాపు చివరి దాకా అదే వేగంతో తీసుకుంటుంది.

150కి 100 సరిపోతుందన్నది సగం నిజం. ఆ సగం నిజాన్ని ఒప్పుకోవాలి. ట్యూబులర్ మీద రాసే 150 ఏహెచ్ సాధారణంగా 20 గంటల పాటు మెల్లగా, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్క. ఫ్యాన్లు, టీవీ, కంప్యూటర్ కలిపి 400 వాట్లు వేస్తే బ్యాటరీ నుంచి 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత జోరుగా లాగితే అదే బ్యాటరీ సుమారు 100 ఏహెచ్ మాత్రమే ఇస్తుంది, రెండున్నర గంటలు వస్తుంది. లిథియంకు జోరు లెక్కలేదు. 12.8 వోల్టులను 100తో గుణిస్తే 1280 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయే 15 శాతం తీసేసినా అదే లోడ్‌కు రెండున్నర గంటల పైనే ఇస్తుంది. ఇక్కడ మెసేజ్ గెలిచింది. కానీ మా అమ్మానాన్నల ఇంట్లో లాగా రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు కలిపి 120 వాట్లే వాడితే? ట్యూబులర్ 10, 11 గంటలు లాగుతుంది, లిథియం తొమ్మిది గంటలకే ఆగిపోతుంది. పైగా చివరిదాకా వోల్టేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, పాత ఇన్వర్టర్ మీది బ్యాటరీ గీతలు నిండుగా కనబడుతూ ఉండగానే చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది.

ఇక ఆయుష్షు. ఆ 15 ఏళ్లను బహుశా కంపెనీ చెప్పే సైకిళ్లను, అంటే ఎన్నిసార్లు నింపి ఖాళీ చేయొచ్చో ఆ లెక్కను, రోజులతో భాగించి తెచ్చి ఉంటారు. మంచి లిథియం ఫాస్ఫేట్ సెల్స్ 3,000 సైకిళ్లు, అంతకంటే ఎక్కువ కూడా ఇస్తాయి. ట్యూబులర్ 1,200 నుంచి 1,500 ఇస్తుందంటారు. కానీ తిరుపతి టౌన్‌లో మా వీధి లాంటి చోట కరెంటు పోయేదే వారంలో రెండు మూడు సార్లు, అదీ అరగంట. అలాంటి ఇంట్లో ఏ బ్యాటరీ సైకిళ్లూ పూర్తిగా ఖర్చు కావు. వాడినా వాడకపోయినా వయసు మీద పడుతుంది, దాన్ని తొందరపెట్టేది వేడి. ఇక్కడ ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. మేడ మీద రేకుల గదిలో ఇంకా ఎక్కువ. ఉజ్జాయింపుగా 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ ఆయుష్షు సగం అవుతుంది. లిథియం అంత త్వరగా దెబ్బతినదు, కానీ నిండు ఛార్జ్‌తో వేడిలో నెలల తరబడి కూర్చుంటే అదీ అరుగుతుంది. అందుకే లిథియంకు 10 ఏళ్లు, సరిగ్గా చూసుకున్న ట్యూబులర్‌కు 5 ఏళ్లు అని వేసుకుని లెక్కకు పోదాం.

ట్యూబులర్ ధర 16,000, పాత బ్యాటరీకి సీసం విలువ కింద 3,500 తగ్గిస్తారు అనుకోండి. మీ షాపులో రేటు వేరైతే ఆ అంకెలు వేసుకోండి. మొదట 16,000, ఐదేళ్లకు మార్చినప్పుడు 12,500, పదేళ్లలో డిస్టిల్డ్ వాటర్‌కు 3,000, చివర్లో పాతది అమ్మితే 3,500 వెనక్కి. మొత్తం 28,000. లిథియం 32,000, పాత సామాను కింద పెద్దగా ఏమీ రాదు. ఇన్వర్టర్ కూడా మార్చాల్సి వస్తే ఇంకో 8,000 కలిపి 40,000. అంటే అరగంట కట్‌లు ఉండే ఇంట్లో మూడేళ్లలో కాదు, పదేళ్లకు కూడా డబ్బు వెనక్కి రాదు.

అదే లెక్క రెండు చోట్ల తిరగబడుతుంది. ఒకటి, రోజూ మూడు నాలుగు గంటలు కరెంటు పోయే ఊళ్లో, బ్యాటరీ రోజూ అడుగంటే చోట. అక్కడ ట్యూబులర్ సైకిళ్లు మూడున్నర, నాలుగేళ్లకే అయిపోతాయి. పైగా ఒక యూనిట్ వాడుకుంటే తిరిగి నింపడానికి ట్యూబులర్‌కు సుమారు 1.3 యూనిట్లు, లిథియంకు 1.1 లోపే పడుతుంది. రెండోది, నీళ్ల సంగతి పట్టించుకోని ఇల్లు. అక్కడ ట్యూబులర్ మూడేళ్లకే పోతుంది. పదేళ్లలో మూడుసార్లు మార్చాలి, ఖర్చు 50,000కు చేరుతుంది. ఈ రెండు ఇళ్లకు నేనే లిథియం కొనమని చెప్తాను.

నిజంగా బ్యాటరీలను చంపేది ఈ నీళ్ల దగ్గరి నిర్లక్ష్యమే. మా పక్కింటి పిన్ని బ్యాటరీ మూత తీసి చూపించినప్పుడు ప్లేట్ల పై అంచులు బయటికి కనబడుతున్నాయి, తెల్లగా పొడి పట్టి ఉన్నాయి. "నీళ్లు పోస్తూనే ఉన్నాను నాయనా, మంచి ఆర్‌ఓ వాటరే" అంది. ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు మిగులుతాయి. బ్యాటరీలో ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు లోపలే పోగుపడతాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఛార్జ్ నిండాక, నీటి మట్టం చూపే ఆకుపచ్చ గీత దాకా పోస్తే చాలు. ఖాళీ బ్యాటరీలో నిండుగా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. ఆ తెల్ల పొడి సల్ఫేషన్ గుర్తు, ముదిరాక మళ్లీ కరగదు. అనుమానం వస్తే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్ చూడండి. నిండు ఛార్జ్‌లో ట్యూబులర్ సుమారు 1.240 చూపించాలి. ఒక్క సెల్ మిగతావాటికంటే 0.030 తగ్గితే ఆ సెల్ పోతోందని అర్థం. ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దేవుడి గది పక్క మూసిన అల్మారాలో పెట్టకండి, అక్కడ రోజూ దీపం వెలుగుతుంది.

లిథియంకు నీళ్లు అక్కర్లేదు, అది పెద్ద సుఖమే. అలాగని చూడకుండా వదిలేయకూడదు. టెర్మినల్ బోల్టులు వదులైతే వేడెక్కుతాయి, ఏడాదికోసారి బిగించాలి. పాత సెల్స్‌తో అతికించిన నాసిరకం ప్యాక్‌లు కూడా అమ్ముతున్నారు. కొన్న వారంలోనే పూర్తిగా ఛార్జ్ చేసి, కరెంటు ఆపి 200 వాట్ల లోడ్ పెట్టి గడియారం చూడండి. 100 ఏహెచ్ అయితే ఐదు గంటలు దాటాలి. మూడున్నరకే ఆగిపోతే బిల్లు తీసుకుని అదే రోజు షాపుకు వెళ్లండి.

మా బావ బ్యాటరీ ఈ పరీక్షలో ఐదుంపావు గంటలు ఇచ్చింది, అంటే సరుకు మంచిదే. పోయిన నెల పాతది తీసేసి లిథియం మోడ్ ఉన్న ఇన్వర్టర్ పెట్టాడు. మొన్న మళ్లీ ఐదు గంటలు కరెంటు పోతే బోర్డు కట్ చేయకముందే ఇన్వర్టర్ తనే ఆగింది. కరెంటు రాగానే తనే లేచింది.