మనవరాలికి కథల పుస్తకం పంపే అవ్వలు, జేజిలు ఆ ఉత్తరం ఎట్ల రాయాల

మనవరాలి పుట్టినరోజుకు చేత్తో కుట్టిన కథల పుస్తకం పంపుతూ, దాంట్లో పెట్టే ఉత్తరాన్ని మాత్రం శుభలేఖ మాదిరి రాస్తే నాకు మనసొప్పదు. "ఆయురారోగ్యాలతో వర్ధిల్లు" అనే మాట ఫోన్లో కూడా చెప్పొచ్చు. పుస్తకంలో పట్టని సంగతి చెప్పేదానికే ఆ ఉత్తరం ఉండాల.

పట్టని సంగతి ఎంతుంటుందో లెక్క వేసి చూడండి. ఆరు ఏ4 కాగితాలను సగానికి మడిస్తే 24 పేజీలు. మొదటి పేజీ పేరుకు, రెండోది ఖాళీ, చివరి రెండూ ఖాళీ. నడిమి రెండు పేజీలు పూర్తిగా బొమ్మకు ఇస్తే కథకు మిగిలేవి 18. సగం పేజీ బొమ్మ పోతే అయిదు వరుసలు, వరుసకు నాలుగు మాటలు. అంటే కథ మొత్తం 360 మాటలు.

అయిదు వరుసలేనా అంటారేమో. ఇంగ్లీష్ మీడియంలో చదివే ఏడెనిమిదేళ్ల పాపకు తెలుగులో ఇబ్బంది పెట్టేది ఒత్తులే. వరుసలు దగ్గరగా రాస్తే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. ఏది ఏ అక్షరానిదో పాపకు తెలియదు. అందుకే వరుసకూ వరుసకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు ఇవ్వాల. ఈ విషయంలో కాగితం పొదుపు చేయొద్దు.

ఇప్పుడు కథలో కపిల వచ్చిందనుకోండి. కడప పల్లెల్లో బావి నీళ్లు తోడిన కపిలను బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్ల చూసి ఉండదు. 360 మాటల కథలో దాన్ని వివరించబోతే కథ ఆగిపోతుంది. ఆ పని ఉత్తరానిది. ఇట్ల రాయొచ్చు:

"బంగారూ, నడిమి పేజీలో ఎద్దులు గానుగెద్దుల మాదిరి గుండ్రంగా తిరుగుతాండాయని అనుకోవద్దు. బావి గట్టు నుంచి కిందికి వాలుగా ఉండే దారిలో అవి దిగుతాంటే, మోకు లాగి తోలుబాన పైకొస్తుంది. నీళ్లు కాలువలో పడినాక ఎద్దులు వెనక్కి నడుస్తా గట్టెక్కుతాయి, బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. ఈ కథ నాకు మా జేజి చెప్పింది. కడాకు గువ్వ ఎగిరిపోయేది మాత్రం నేను కలిపినా."

చివరి రెండు వాక్యాలను వదలొద్దు. కథ ఎవరి నోటి నుంచి వచ్చింది, మీరు ఏది మార్చినారు అనేది ఇంకెక్కడా దొరకదు. తేదీ, ఊరి పేరు కూడా రాయండి. చాలామంది తేదీ లేకుండానే ముగిస్తారు.

కపిల బొమ్మ నడిమి పేజీలోనే ఎందుకంటే, ఒకే కాగితం మీద పక్కపక్కన వచ్చే జంట 12, 13 పేజీలు మాత్రమే. ఒక పక్క బావి, ఇంకో పక్క ఎద్దులు, మధ్యలో మోకు. అదే బొమ్మను 6, 7 పేజీల్లో వేస్తే అవి వేర్వేరు కాగితాలు కాబట్టి కుట్టినాక మోకు రెండు ముక్కలుగా, పైకీ కిందికీ జరిగి కనిపిస్తుంది. ముందుగా ఖాళీ కాగితాలు మడిచి, పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసుకోండి. కాగితం ఒక వైపున పక్కపక్కన ఉన్న రెండు నంబర్లు కూడితే ఎప్పుడూ 25 రావాల. రాకపోతే ఎక్కడో కాగితం తిరగబడినట్టే.

జిగురు అక్కర్లేదు, స్టేప్లర్ అసలే వద్దు; పిన్ను తుప్పు పట్టి మడత దగ్గర కాగితాన్ని తినేస్తుంది. బైండింగ్ మైదాలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటుంది. అది విషం, పిల్లల పుస్తకానికి పనికిరాదు. దారంతో కుట్టడమే మేలు. అట్టతో కలిపి మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పెట్టండి: ఒకటి సరిగ్గా నడుమ, మిగతా రెండు పైనుంచి, కింది నుంచి మూడేసి సెంటీమీటర్లకు. గట్టి నూలు దారం 55 సెంటీమీటర్లు తీసుకుని కొవ్వొత్తి మైనం మీద రెండుసార్లు లాగండి, చిక్కు పడదు.

లోపల నడిమి రంధ్రంలో మొదలుపెట్టి సూదిని బయటికి తీయండి, పై రంధ్రంలో లోపలికి. లోపల నడిమి రంధ్రాన్ని వదిలేసి నేరుగా కింది రంధ్రానికి పోయి బయటికి, మళ్లీ నడిమి రంధ్రంలో లోపలికి. లోపలి పొడుగు దారానికి ఒక కొస ఈ పక్క, ఒక కొస ఆ పక్క ఉండాల, అప్పుడే ముడి వేయండి. రెండు కొసలూ ఒకే పక్క ఉంటే ముడి పొడుగు దారాన్ని పట్టుకోదు, వారానికే పేజీలు వదులవుతాయి. దారాన్ని మడతకు సమంగా లాగాల. పేజీ వైపు ఎత్తి లాగితే రంధ్రం చిరుగుతుంది.

ఇక ఉత్తరాన్ని పుస్తకానికి అతికించొద్దు. పెద్దయినాక పాప దాన్ని విడిగా తీసుకొని చదవాలనుకోవచ్చు. వెనక అట్ట లోపల కాగితం సంచి ఒకటి కుట్టి అందులో పెట్టండి. సంచి నోరు మడత వైపు ఉంటే పుస్తకం తలకిందులైనా ఉత్తరం జారదు.